48 స్లాట్ల స్టేటర్‌కి 1-13, 1-11, 1-9: ఏ పిచ్ మేలు?

4 పోల్, 48 స్లాట్, 3 ఫేజ్ డబుల్ లేయర్ స్టేటర్ ఒకటి ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. పోల్‌కి 12 స్లాట్లు వస్తాయి, అందులో ఒక్కో ఫేజ్‌కి 4. పోల్ అంటే 180 ఎలక్ట్రికల్ డిగ్రీలు కాబట్టి పక్కపక్క స్లాట్ల మధ్య 15 డిగ్రీలు. కాయిల్ ఒక సైడ్ 1లో వేసి రెండో సైడ్ 13లో వేస్తే ఫుల్ పిచ్, 11లో వేస్తే 150 డిగ్రీలు అంటే 5/6 పిచ్, 9లో వేస్తే 120 డిగ్రీలు అంటే 2/3 పిచ్. ఇండక్షన్ మోటార్‌కైతే నా ఓటు 1-11కే. ఎందుకో కింద చెప్తా, 1-9 ఎక్కడ పనికొస్తుందో కూడా.

ముందు డిస్ట్రిబ్యూషన్ ఫ్యాక్టర్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే పిచ్ ఏది పెట్టినా ఇది మారదు. ఒక ఫేజ్‌వి 4 కాయిల్స్ ఒకే స్లాట్‌లో లేవు, ఒక్కోటి 15 డిగ్రీలు జరిగి ఉన్నాయి. నలుగురు ఒకే తాడు లాగుతున్నారు కానీ ఒక్కొక్కరు కొంచెం కొంచెం పక్కకి తిరిగి నిలబడ్డారు అనుకోండి, మొత్తం బలం నాలుగింతలు రాదు, కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదల ఇలా:

kd = sin(n·q·γ/2) / (q·sin(n·γ/2))

n హార్మోనిక్ నంబర్, q = 4, γ = 15 డిగ్రీలు. ఫండమెంటల్‌కి 0.958 వస్తుంది, అంటే పోయింది 4 శాతం మాత్రమే. అదే 5వ హార్మోనిక్‌కి ఆ 15 డిగ్రీలు కాస్తా 75 అయిపోతాయి, నలుగురూ తలో దిక్కు తిరిగిపోతారు, మిగిలేది 0.205. 7వదానికి ఇంకా తక్కువ, 0.158. ఫేజ్‌కి పోల్ కింద ఒకే స్లాట్ ఉండే వైండింగ్ అయితే స్టేటర్ mmfలో 5వ హార్మోనిక్ ఫండమెంటల్‌లో 20 శాతం ఉంటుంది, ఇలా 4 స్లాట్లకి పరిచేసరికే అది 4.3 శాతానికి దిగిపోతుంది. నిజానికి పెద్ద పని ఇక్కడే అయిపోతోంది, హార్మోనిక్స్ తగ్గించే ఘనత అంతా షార్ట్ పిచ్‌కే ఇచ్చేవాళ్ళు దీన్ని మర్చిపోతుంటారు.

మరి పిచ్ ఏం చేస్తుంది? 5వ హార్మోనిక్ ఫీల్డ్‌ని ఊహించుకోండి. అసలు పోల్ 180 డిగ్రీల వెడల్పు ఉంటే దీని పోల్ 36 డిగ్రీలే, అంటే ఒక మెయిన్ పోల్ కింద దీనివి 5 చిన్న పోల్స్ N S N S N అని వరసగా ఉంటాయి. ఫుల్ పిచ్ కాయిల్‌లో ఒక సైడ్ N కింద ఉంటే రెండోది సరిగ్గా S కింద పడుతుంది, రెండు సైడ్ల వోల్టేజీ కలిసిపోతుంది, హార్మోనిక్ మొత్తం లోపలికి వచ్చేస్తుంది. ఇప్పుడు కాయిల్‌ని సరిగ్గా 36 డిగ్రీలు కుదించి చూడండి, రెండో సైడ్ కూడా N కిందకే వస్తుంది, రెండు సైడ్లలో ఒకే వోల్టేజీ ఒకే దిశలో పుడుతుంది, కాయిల్ చుట్టూ తిరిగి చూస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, 5వ హార్మోనిక్ సున్నా. 7వదానికి దాని పోల్ వెడల్పు 25.7 డిగ్రీలు, అంత కుదిస్తే అది పోతుంది. రెండూ ఒకేసారి సున్నా చేయలేం కాబట్టి మధ్యలో 30 డిగ్రీలు పట్టుకుంటాం, మన స్టేటర్‌లో అది సరిగ్గా 2 స్లాట్లు, 1-11 అలా పుట్టింది.

kp = sin(n·β/2)

kp అంటే పిచ్ ఫ్యాక్టర్, β అంటే కాయిల్ రెండు సైడ్ల మధ్య ఎలక్ట్రికల్ డిగ్రీలు. β = 150 పెడితే ఫండమెంటల్‌కి 0.966, 5వ, 7వ హార్మోనిక్స్ రెండిటికీ 0.259 (గుర్తు పక్కన పెడితే). రెండు ఫ్యాక్టర్లు గుణిస్తే 5వదానికి 0.053 మిగులుతుంది, mmfలో ఇందాకటి 4.3 శాతం ఇప్పుడు 1.15 శాతం.

1-9 దగ్గర చాలామంది పొరపాటు పడతారు, ఇంకా కుదిస్తే ఇంకా మంచిదేగా అని. β = 120 పెట్టి చూడండి, 3వ హార్మోనిక్ సున్నా, నిజమే, కానీ ఫండమెంటల్ 0.866, 5వది 0.866, 7వది కూడా 0.866. అంటే అన్నీ సమానంగా తగ్గాయి, ఫండమెంటల్‌తో పోలిస్తే 5వ, 7వ హార్మోనిక్స్ ఫుల్ పిచ్‌లో ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి! టర్న్స్ మాత్రం 15 శాతం ఎక్కువ చుట్టాలి. బ్యాలెన్స్డ్ 3 ఫేజ్ మోటార్‌లో 3వ హార్మోనిక్ mmf మూడు ఫేజ్‌లు కలిసేసరికి ఎలాగూ రద్దవుతుంది, లేని రోగానికి మందు వేసినట్టు. కానీ న్యూట్రల్ బయటికి తీసిన ఆల్టర్నేటర్ల లెక్క వేరే, అక్కడ 3వ హార్మోనిక్ వోల్టేజీ మూడు ఫేజ్‌లలోనూ ఒకే దిశలో ఉంటుంది, వేరే పిచ్ ఉన్న రెండు మెషీన్లు ప్యారలల్‌లో పెట్టి న్యూట్రల్స్ కలిపితే ఆ దారిలో కరెంట్ తిరుగుతుంది. అక్కడ 2/3 పిచ్‌కి నిజంగా విలువుంది.

ఫుల్ పిచ్‌కి కూడా ఒక సుఖం ఉంది, ఏ స్లాట్ చూసినా రెండు లేయర్లూ ఒకే ఫేజ్‌వి. 1-11లో సగం స్లాట్లలో పై లేయర్ ఒక ఫేజ్, కింద లేయర్ ఇంకో ఫేజ్ అవుతుంది, మధ్యలో సెపరేటర్ జారిందంటే ఫేజ్ టు ఫేజ్ షార్టే. దానికి బదులుగా ఓవర్‌హ్యాంగ్ చిన్నదవుతుంది, ఒక్కో కాయిల్ రెండు చివర్లా రాగి మిగులుతుంది, అందుకే 3.5 శాతం టర్న్స్ పెరిగినా నాకు బాధ లేదు. ఫుల్ పిచ్‌లో 28 టర్న్స్ అయితే 1-11లో 29, అంతే తేడా.

ఇక్కడే రివైండింగ్‌లో తప్పు జరుగుతుంది. 1-13 ఉన్న మోటార్‌ని ఎవరో షార్ట్ పిచ్ మంచిదని 1-11 చేసి టర్న్స్ మాత్రం 28 వదిలేస్తే ఫ్లక్స్ 3.5 శాతం పెరుగుతుంది, కోర్ అప్పటికే సాచురేషన్ అంచున ఉంటే నో లోడ్ కరెంట్ అంతకంటే చాలా ఎక్కువగా లేస్తుంది, ఆమ్మీటర్‌లో అదే మొదటి గుర్తు. ఉల్టాగా 1-11 మోటార్‌ని 1-13 చేస్తే నో లోడ్ కరెంట్ తగ్గి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది, కానీ 7వ హార్మోనిక్ పెరిగింది. అది ముందు దిశలోనే సింక్రనస్ స్పీడ్‌లో ఏడో వంతుతో తిరుగుతుంది, 50 హెర్ట్జ్‌లో 1500/7 అంటే దాదాపు 214 rpm. లోడ్‌తో స్టార్ట్ చేసినప్పుడు మోటార్ 200 దగ్గర గుర్రుమంటూ పైకి ఎక్కకుండా ఆగితే టాకోమీటర్ పెట్టి చూడండి, 214కి కొంచెం కింద నిలిచి ఉంటే బేరింగ్ విప్పే ముందు పిచ్ లెక్కపెట్టండి.

సింగిల్ లేయర్ కాన్సెంట్రిక్ వైండింగ్‌లో లోపలి కాయిల్స్ పొట్టిగా కనిపిస్తాయి కదా, అవి షార్ట్ పిచ్ కాదు. ఫేజ్ కండక్టర్లు ఉన్న స్లాట్లు అవే, ఏ సైడ్‌ని దేనికి కలిపారన్నదే మారింది, కాబట్టి ఫ్యాక్టర్ ఫుల్ పిచ్‌దే.

ఇక 1-11 చేతకాని చోటు కూడా ఒకటుంది. మన స్టేటర్‌లో 23వ, 25వ హార్మోనిక్స్ స్లాట్ల సంఖ్య వల్ల వచ్చేవి, వాటికి kd కూడా kp కూడా ఫండమెంటల్‌కి ఎంతో సరిగ్గా అంతే. వాటిని తగ్గించాలని పిచ్ కుదిస్తే ఫండమెంటల్ కూడా అంతే తగ్గుతుంది, అక్కడ రోటర్ బార్లని స్క్యూ చేయాల్సిందే.