ఫారంలో దిద్దాలా, రెజ్యూమె మార్చి మళ్లీ ఎక్కించాలా?

మొన్న ఒక ఉద్యోగానికి అప్లై చేస్తూ కంపెనీ సైట్‌లో నా రెజ్యూమె అప్‌లోడ్ చేస్తే, సిస్టమ్ దాన్ని చదివి ఫారం తనే నింపింది. కానీ కంపెనీ పేరు ఉండాల్సిన గడిలో "పైథాన్, ఎస్‌క్యూఎల్" వచ్చి కూర్చుంది. ఎడమ పక్క స్కిల్స్, కుడి పక్క అనుభవం అని రెండు కాలమ్‌లు పెట్టుకున్నాను. సిస్టమ్ మాత్రం రెండింటినీ కలిపి అడ్డంగా చదివేసింది.

ఒకటి రెండు గడులే తప్పయితే ఫారంలోనే దిద్దేయడం నయం. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు అది 'ఫస్ట్ నేమ్'లో పడటం మామూలే, దానికోసం ఫైల్ ముట్టుకోనక్కర్లేదు. కానీ నాలుగు ఉద్యోగాల తేదీలూ తారుమారైతే చేత్తో దిద్దడం నరకం. పైగా తర్వాతి కంపెనీ సైట్‌లో మళ్లీ అదే పని.

అప్పుడు ఫైలే మార్చాలి. పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడే వరస చెడితే తప్పు లేఅవుట్‌దే. ఏమీ రాకపోతే మీది బొమ్మగా సేవ్ అయిన పీడీఎఫ్. నేను ఒకే కాలమ్‌కి మార్చి, తేదీలు "06/2021 - 03/2024" అని రాశాక అనుభవం గడులన్నీ సరిగ్గా నిండాయి.

ఒక్క చిక్కుంది: కొన్ని సైట్లలో మళ్లీ అప్‌లోడ్ చేస్తే అంతకుముందు దిద్దినవి చెరిగిపోతాయి, లేదా ఒకే ఉద్యోగం రెండుసార్లు పడుతుంది. అందుకే ముందు ఫైల్, ఆ తర్వాతే గడులు.