ఇన్సులిన్ పిలుపా, కాళ్ళ నడకా: కండరం తలుపు తీయడానికి ఏది మేలు?

అనంతపురంలో మా మామకు చక్కెర జబ్బు వచ్చి పదకొండేండ్లయింది. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి తిని మంచమెక్కుతాడు. "మాత్ర మింగినా గదా అల్లుడూ, మళ్లా నడవల్లంటావేమి?" అంటాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ రెండూ ఒకే దారిలో పనిచేస్తే ఒకటి చాలు. కానీ దారులు వేరు.

ముందు ఒక చిన్న లెక్క. ఐదు లీటర్ల రక్తంలో, డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున, ఉండే గ్లూకోజు మొత్తం 5 గ్రాములే, అంటే ఒక టీస్పూను. ఒక పెద్ద సంగటి ముద్ద అంతకు పది రెట్లు తెచ్చిపోస్తుంది. అదంతా రక్తంలో నిలవకూడదు, కాబట్టి అందులో పెద్ద వాటా కండరాలు తీసుకోవాలి. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరను గ్లూకోజు తనంతట తాను దాటలేదు. దానికి దారి ఇచ్చే ప్రొటీను పేరు గ్లూట్-4. తమాషా ఏమంటే, తిండి లేని వేళ ఈ గ్లూట్-4 దాదాపు అంతా పొర మీద ఉండదు. కణం లోపల చిన్న చిన్న సంచుల్లో మడిచిపెట్టినట్టు ఉంటుంది. సంచులు పైకి వచ్చి పొరలో కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఈ సంగతిని 1980లో ఎలుకల కొవ్వు కణాల మీద రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి.

ఇన్సులిన్ దారి ఇలా నడుస్తుంది. అది కణం బయట తన గ్రాహకానికి తగులుకుంటుంది. ఆ కబురు లోపల ఐఆర్‌ఎస్-1 అనే ప్రొటీనుకు, అక్కడినుంచి పీఐ3 కైనేజ్ అనే ఎంజైము ద్వారా ఏకేటీ అనే ఇంకో ఎంజైముకు చేరుతుంది. సంచులను కదలకుండా ఆపే ఒక పగ్గం ఉంది, ఏఎస్160 అని. ఏకేటీ దానికి ఫాస్ఫేటు తగిలించి పగ్గం వదిలిస్తుంది. కొన్ని నిమిషాల్లో సంచులు పొరకు చేరతాయి. ఇన్సులిన్ తగ్గగానే గ్లూట్-4 మళ్లీ లోపలికి పోతుంది.

మా మామ లాంటి టైప్ 2 వాళ్ళ కండరాల్లో గ్లూట్-4కు కొరత పెద్దగా లేదు. కబురే సరిగా చేరదు. ఐఆర్‌ఎస్-1 దగ్గరే గొంతు తగ్గిపోతుంది, సంచులు తక్కువే కదులుతాయి. ఆయన మింగే గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువ పోయిస్తుంది, అంటే చెవిటివాడి ముందు గట్టిగా అరిచినట్టు. కొంత వినబడుతుంది. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం నుంచి వచ్చే గ్లూకోజును తగ్గిస్తుంది.

నడకది పక్కదారి. కండరం ముడుచుకున్నప్పుడు కాల్షియం పెరుగుతుంది, శక్తి ఖర్చయి ఏఎంపీకే అనే ప్రొటీను మేలుకుంటుంది. ఇవి ఐఆర్‌ఎస్-1 గడప తొక్కకుండానే సంచులను పైకి పంపుతాయి. అందుకే ఇన్సులిన్ మాట వినని కండరం కూడా నడకకు పలుకుతుంది. పైగా నడక ఆపిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులు ఆ కండరం ఇన్సులిన్‌కు కాస్త బాగా స్పందిస్తుంది.

మామను ఒప్పించడానికి రెండు రోజులు మీటరు పట్టుకున్నాను. అదే కొలత సంగటి, అవే మాత్రలు. మంచమెక్కిన రోజు గంట తర్వాత 236. తిన్న అరగంటకు లేచి ఇరవై నిమిషాలు తిరిగిన రోజు, అదే వేళకు 188. ఒక మనిషి, రెండు కొలతలు, దీన్ని రుజువు అనను. కానీ దిశ మాత్రం శాస్త్రం చెప్పినట్టే ఉంది.

అయితే నడకే మేలా? తిన్న వెంటనే ఎగిరే చక్కెరకు, టైప్ 2 వాళ్ళకు, నా ఓటు దానికే. కానీ నడక తెరిచేది పనిచేసిన కండరం తలుపులనే, కాళ్ళు నడిస్తే చేతులకు లాభం ఉండదు. కొవ్వు కణమైతే అసలు ముడుచుకోదు, దానికి గ్లూట్-4 పైకి రావాలంటే ఇన్సులిన్ పిలవాల్సిందే. కాలేయం గ్లూకోజు వదలకుండా ఆపేదీ, కొవ్వు కరగకుండా పట్టి ఉంచేదీ ఇన్సులినే. అందుకే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు పుట్టని టైప్ 1 బిడ్డకు నడకను ఇన్సులిన్‌కు బదులుగా చెప్పడం ప్రాణాపాయం. ఇన్సులిన్ చాలక, కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు పెరిగినప్పుడు వ్యాయామమే చక్కెరను ఇంకా పైకి తోస్తుంది.

ఇంకో మాట. రెండు దారులూ ఒకేసారి తెరుచుకుంటే చక్కెర మరీ పడిపోవచ్చు. గ్లిమిపిరైడ్ వేసుకుని, తినకముందే గంటసేపు నడిచి, మామ ఒకరోజు చెమటలు పట్టి వణికాడు. మీటరు 61 చూపింది. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 92. అప్పటినుంచి తిన్నాకే నడుస్తున్నాడు, జేబులో బెల్లం ముక్క పెట్టుకుని.