ఒక చెంచా పాత తోడా, కొత్త డబ్బా పెరుగా? పరదేశపు వంటింట్లో ఏది మేలు

పిల్లలు కెనడాకో అమెరికాకో వెళ్లిన ఇళ్లలో చలికాలం మొదలవగానే ఈ ప్రశ్న వస్తుంది. తెలిసినవాళ్లింటి నుంచి తెచ్చుకున్న పాత తోడుతో పెరుగు వేసుకోవాలా, సూపర్‌మార్కెట్ డబ్బాలోంచి ఒక చెంచా తీసి వేసుకోవాలా? జవాబు చెప్పేవాళ్లు తోడు గురించే మాట్లాడతారు. అసలు తేల్చేది ఆ తోడును ఎంత వెచ్చదనంలో ఉంచుతున్నామన్నది. హైదరాబాద్ నల్లకుంటలో ఉండే ఒక అమ్మమ్మ టొరంటోలోని మనవరాలికి వీడియో కాల్‌లో నేర్పిన తీరు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

మనవరాలి దగ్గర రెండూ ఉన్నాయి. ఒక చిన్న డబ్బాలో పక్క అపార్ట్‌మెంట్ తెలుగావిడ ఇచ్చిన పాత తోడు, ఫ్రిజ్‌లో దుకాణం పెరుగు. అక్కడ శనివారం రాత్రి ఎనిమిదైతే ఇక్కడ ఆదివారం పొద్దున ఆరున్నర. "అమ్మమ్మా, దేంతో వెయ్యాలి?" అంటే ఆవిడ ఒక్క మాటలో తేల్చలేదు.

"రెండిట్లతోని ఎయ్యి. ఒకే పాలు, ఒకే తీరు గిన్నెలు. పొద్దుగాల ఏది మంచిగున్నదో నువ్వే చెప్తవు."

ఒంటారియోలో పాలు సంచుల్లో వస్తాయి. నాలుగు లీటర్ల ప్యాకెట్‌లో మూడు చిన్న సంచులు ఉంటాయి. కొవ్వు 3.25 శాతం ఉన్నవి తీసుకుంటే చాలు. మన దగ్గరి ఫుల్ క్రీమ్ పాలల్లో కొవ్వు 6 శాతం ఉంటుంది కాబట్టి అక్కడి పెరుగు ఇక్కడంత గట్టిగా, అంత మీగడతో రాదు. అది తోడు తప్పు కాదు. లీటరు పాలు కాగి పొంగు రాగానే మనవరాలు స్టవ్ కట్టేయబోయింది.

"అప్పుడే దించకు బిడ్డా. సిమ్ల పెట్టి ఇంకో పది నిమిషాలు ఉంచు, నడుమ నడుమ కలుపు."

దీనికి కారణం ఉంది. దుకాణం పాలను ముందే వేడి చేసి అమ్ముతారు కాబట్టి మళ్లీ కాచడం క్రిములు చావడానికి మాత్రమే కాదు. దాదాపు 85 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే పాలవిరుగుడులోని మాంసకృత్తులు విడివడి పాలల్లోని ముఖ్య మాంసకృత్తు కేసిన్‌కు అంటుకుంటాయి. అప్పుడు పెరుగు నీళ్లను పట్టి ఉంచుతుంది. గోరువెచ్చగా చేసి తోడేసినా పెరుగు అవుతుంది గానీ చెంచా పెట్టగానే నీళ్లు వదులుతుంది.

తర్వాత చల్లార్చడం. మనవరాలి దగ్గర థర్మామీటర్ లేదు. "వేలు కడుక్కుని పాలల్ల ముంచి పది లెక్కపెట్టు. చుర్రుమంటె ఆగు. వేలు తియ్యబుద్ధి గాకుంటె గదే అదను." లెక్కలో చెప్పాలంటే అది 38, 40 డిగ్రీల ప్రాంతం. 50 దాటిన పాలల్లో వేస్తే తోడులోని బ్యాక్టీరియా దెబ్బతింటుంది, పాలు మరీ వేడిగా ఉంటే చాలామటుకు చస్తుంది. తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటాయి, లేదా విరిగినట్టు రవ్వరవ్వగా అవుతాయి.

పాలు రెండు స్టీలు గిన్నెల్లో అర లీటరు చొప్పున పోసింది. ఒక్కోదానికి ఒక టీ చెంచా తోడు. అంతకుముందే అరగంట బయటపెట్టిన తోడును రెండు చెంచాల పాలతో ఉండలు లేకుండా చిలికి, గిన్నెలో పోసి ఒక్కసారి కలిపింది. ఇక్కడ చాలామంది "చలి కదా" అని పెద్ద చెంచాతో రెండు మూడు వేస్తారు. కొద్దిగా పెంచవచ్చు, ఒక టీ చెంచా దగ్గర రెండు వెయ్యవచ్చు. మరీ ఎక్కువైతే పాలు సరిగా పేరుకునేలోపే పులుపు ఎక్కుతుంది, పైన పసుపుపచ్చ నీళ్లు తేలతాయి. వెచ్చదనం లేని లోటును తోడు తీర్చదు.

మూతలు పెట్టి రెండు గిన్నెలనూ ఓవెన్‌లో లైటు వేసి ఉంచింది. అందరూ చెప్పే చిట్కానే. పొద్దున ఎనిమిదికి చూస్తే పాత తోడు గిన్నె వదులుగా పేరుకుంది. వంచితే అంచు వదిలి జారుతోంది, తినడానికి కమ్మగానే ఉంది. దుకాణం తోడు వేసిన గిన్నెలో పాలు కాస్త చిక్కబడ్డాయి, అంతే.

"దుకాణం తోడు చచ్చింది అమ్మమ్మా" అంది మనవరాలు.

"చావలేదు. దానికి చలిపెట్టింది. ఆ ఓవెన్ల చెయ్యి పెట్టి చూడు."

చెయ్యి పెడితే లోపల వెచ్చగా లేదు. కొత్త ఓవెన్ కాబట్టి అందులో ఎల్ఈడీ లైటు. పాత రకం ఫిలమెంటు బల్బు వేడెక్కుతుంది కాబట్టి ఆ చిట్కా పనిచేసేది. ఎల్ఈడీ వెలుగిస్తుంది గానీ ఓవెన్‌ను వెచ్చబెట్టదు. ఇల్లు 21 డిగ్రీలుంటే ఓవెన్ లోపలా దాదాపు అంతే. గిన్నెలు ఉంచేముందు అరగంట లైటు వేసి తలుపు మూసి, తర్వాత చెయ్యి పెట్టి చూస్తే మీ ఓవెన్ ఏ రకమో తెలిసిపోతుంది.

రెండు తోడుల తేడా కూడా ఈ గిన్నెల్లోనే ఉంది. దుకాణం పెరుగును ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అనే జంటతో చేస్తారు. అవి వేడి కోరుకునేవి. 40 నుంచి 45 డిగ్రీల మధ్య చకచకా పనిచేస్తాయి, గది చలిలో దాదాపు ముడుచుకు కూర్చుంటాయి. మన ఇళ్ల తోడులో రకరకాలు కలిసి ఉంటాయి. వాటిలో లాక్టోకాకస్ లాంటివి 25, 30 డిగ్రీల దగ్గరే హాయిగా పెరుగుతాయి. హైదరాబాద్‌లో ఏడాదిలో ఎక్కువ నెలలు వంటింటి గట్టు మీద ఉండేది ఆ వెచ్చదనమే కదా. ఆ గట్టుకు అలవాటుపడిన తోడు కాబట్టి టొరంటో రాత్రిని కొంతైనా తట్టుకుంది.

ఇంకా పాలలాగే ఉన్న గిన్నెలో మళ్లీ తోడు వెయ్యనివ్వలేదు అమ్మమ్మ. వెడల్పాటి గిన్నెలో వేలు ఓర్చుకునేంత వేడినీళ్లు పోసి, అందులో ఈ గిన్నె దించి, టవల్ కప్పి, నీళ్లు చల్లారినప్పుడల్లా మార్చమంది. మధ్యాహ్నానికి గట్టిపడింది. ఇలా మొదట చలిలో ఉండిపోయిన పెరుగు ఒక్కోసారి చెంచాతో తీస్తే తీగలా సాగుతుంది. చలిలో నిదానంగా పెరిగే కొన్ని బ్యాక్టీరియాలు జిగురు పదార్థం చేయడం వల్ల అలా అవుతుంది. వాసన బాగుంటే తినవచ్చు, కానీ దాన్ని మళ్లీ తోడుగా వాడితే తర్వాతి గిన్నె కూడా సాగుతుంది. గులాబీ, నారింజ రంగు మచ్చలో బూజో కనిపిస్తే మాత్రం గిన్నెడూ పారబోయాల్సిందే.

మర్నాడు రాత్రి మనవరాలు ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ తీసింది. యోగర్ట్ బటన్ మామూలు సెట్టింగులో పాలను దాదాపు 40 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతుంది. ఒక దాని తర్వాత ఒకటిగా రెండు తోడులూ వేసి చూసింది. ఈసారి ఫలితం తిరగబడింది. దుకాణం తోడు ఐదారు గంటల్లో కత్తితో కోసినట్టు పేరుకుంది, పులుపు తక్కువ. పాత తోడుతో వేసింది గట్టిపడింది గానీ పైన నీళ్లు తేలాయి, నాలుక మీద రవ్వలా తగిలింది, పులుపు ముందుకొచ్చింది. ఆ వేడిలో కమ్మదనం ఇచ్చే రకాలు వెనకబడి, వేడిని ఓర్చుకునేవే పైచేయి అయ్యాయి. అలాగే వరసగా వేస్తూ పోతే పేరుకు పాత తోడే గానీ లోపల ఉండేది వేరే కాపురం.

కాబట్టి నా లెక్కలో ఇన్‌స్టంట్ పాట్ మామూలు సెట్టింగు వాడేవాళ్లకు పాత తోడు కోసం ఊరంతా వెతకడం దండగ. దుకాణం పెరుగే మేలు. కొనేటప్పుడు డబ్బా మీద పాలు, బ్యాక్టీరియా కల్చర్ తప్ప జెలటిన్, పెక్టిన్, పిండి లాంటివి లేకుండా చూడాలి. డబ్బాలో కనిపించే చిక్కదనం వాటిదైతే అది మీ గిన్నెలోకి రాదు. కల్చర్ వేశాక మళ్లీ వేడిచేసి అమ్మేవి కూడా తోడుకు పనికిరావు. ఎంచిన రకాలు కొన్నే ఉంటాయి కాబట్టి దుకాణం తోడు కొన్ని విడతలు నడిచాక బలం తగ్గుతుంది, అప్పుడు కొత్త డబ్బా తెచ్చుకోవాలి. గ్రీక్ పెరుగుతోనూ తోడు పడుతుంది, కానీ ఆ గట్టితనం వడకట్టడం వల్ల వచ్చింది. పొడి కల్చర్ పనిచేస్తుంది, ఖరీదెక్కువ. ఏ తోడూ దొరకని రోజుకి పచ్చిమిర్చి తొడిమలు వేసినా సరే.

రుచి ముఖ్యమనుకునేవాళ్లకు నేను పాత తోడునే చెప్తాను, 30 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం ఏర్పాటు చేసుకోగలిగితే. కొన్ని ఇన్‌స్టంట్ పాట్ మోడళ్లలో యోగర్ట్‌కు Less అనే సెట్టింగు ఉంటుంది, అది దాదాపు ఇదే వెచ్చదనం. అది లేకపోతే అమ్మమ్మ పద్ధతి ఉంది. హైదరాబాద్‌లోనూ డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడితే ఆవిడ గిన్నెను గట్టు మీద వదలదు.

"మేము బియ్యం డబ్బల దించి పెడ్తం. నీకు హాట్‌ప్యాక్ ఉన్నదిగా? దాంట్ల మరిగిన నీళ్లు పోసి ఐదు నిమిషాలకు పారబొయ్యి. పాలు దాంట్లనే తోడెయ్యి, దుప్పట్ల చుట్టి మూలకు పెట్టు. నడుమ మూత తీసి చూడకు."

ఈ పద్ధతిలో పాత తోడుకు పది, పన్నెండు గంటలు పడుతుంది. వంచినప్పుడు పెరుగు మొత్తం ఒకటిగా అంచు వదిలితే అయినట్టు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఇంకో రెండు గంటలు బయట ఉంచితే పులుపు పెరగడం తప్ప లాభం లేదు.

పాత తోడుకు ఉన్న ఒకే ఇబ్బంది, దాన్ని ఆగకుండా నడపాలి. పాతదంటే వారాల కిందటిది కాదు, మూడు నాలుగు రోజుల లోపుది. వారం దాటిన పెరుగులో పులుపుకే బ్యాక్టీరియా నీరసిస్తుంది, దాంతో వేస్తే ఆలస్యంగా పేరుకుని పుల్లగా వస్తుంది. ఒంటరిగా ఉండి రెండు రోజులకో గిన్నె తినలేని పిల్లలు, తాజాగా పేరుకున్న రోజే నాలుగు చెంచాలు ఐస్ ట్రేలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. నెల లోపు వాడుకుంటే మంచిది. గడ్డకట్టినప్పుడు కొంత బ్యాక్టీరియా చస్తుంది కాబట్టి అర లీటరుకు ఒకటి కాక రెండు ముక్కలు వేసి, మొదటి గిన్నె కాస్త వదులుగా వచ్చినా పారేయకుండా దాన్నుంచే రెండో గిన్నె వెయ్యాలి.