పదమూడేళ్ల సోలార్ హీటర్: ఒక ప్యానెల్‌కు నల్ల రంగు పూయించాక తెలిసింది

మదనపల్లెలో మా మిద్దె మీద 2012లో పెట్టించిన 200 లీటర్ల సోలార్ హీటర్ ఇప్పటికీ నడుస్తోంది. ట్యూబుల రకం కాదు, ఫ్లాట్ ప్లేట్. రెండేసి చదరపు మీటర్ల ప్యానెల్స్ రెండు పక్కపక్కనే ఉంటాయి. పైన గాజు, లోపల రాగి గొట్టాలకు అతికించిన రాగి రేకు, ఆ రేకు మీద నల్లటి పూత. కొన్నప్పుడు కాగితంలో ఆ పూత పేరు ‘బ్లాక్ క్రోమ్, సెలెక్టివ్ కోటింగ్’ అని రాసి ఉంది. నలుపు నలుపే కదా, దానికి ఇంత పేరెందుకని అప్పట్లో పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన రోజు 2019లో వచ్చింది.

ఆ ఏడాది రెండో ప్యానెల్ రబ్బరు బీడింగ్ ఒక మూల చీలింది. వానాకాలమంతా లోపలికి చెమ్మ చేరింది. గాజు తీసి చూస్తే రేకు మీద అక్కడక్కడా పచ్చటి మచ్చలు, వేలితో రాస్తే పొడిలా రాలే పూత. వచ్చిన మెకానిక్ రేకును గరుకు కాగితంతో రుద్ది, బడిలో బోర్డుకు వేసే మ్యాట్ నల్ల రంగు రెండు చేతులు పూశాడు. “సార్, పక్కదాని కంటే ఇదే నల్లగా ఉంది, చూడండి” అన్నాడు. నిజమే. పాతది కొంచెం నీలం కలిసిన నలుపు, పక్క నుంచి చూస్తే మెరుపు కనిపిస్తుంది. కొత్తది బొగ్గులా ఉంది. డబ్బులిచ్చి పంపేశాను.

జనవరి వచ్చేసరికి మా అమ్మ మొదలుపెట్టింది: “ఏంరా, రెండో బకెట్టుకే నీళ్లు చల్లబడిపోతున్నాయి?” నాకు చలికాలంలో సాయంత్రం ఐదున్నరకు, గొట్టంలో నిలిచిన నీళ్లు వదిలేశాక వచ్చే మొదటి బకెట్లో థర్మామీటర్ పెట్టి క్యాలెండర్ మీద రాసుకునే అలవాటుంది. అంతకు ముందు జనవరిలో ఎండ బాగా కాసిన రోజుల్లో 58 దగ్గర ఉండేది. ఈసారి 53 దాటలేదు. ఐదు డిగ్రీలంటే 200 లీటర్లకు ఒక యూనిట్ కరెంటు కంటే కాస్త ఎక్కువే, అదీ రోజూ.

ఎక్కువ నల్లగా ఉన్నది తక్కువ వేడి ఇవ్వడమేంటి? తిరకాసు ఎండ పీల్చుకోవడంలో లేదు. ఎండను పీల్చడంలో రెండూ సమానమే, నూటికి 95 పాళ్ల దాకా పట్టేస్తాయి. తేడా అంతా పట్టిన వేడిని తిరిగి వదలడంలో ఉంది. సూర్యకాంతి చాలావరకు 2.5 మైక్రాన్ల కంటే పొట్టి తరంగాల్లో వస్తుంది. 80 డిగ్రీలకు కాలిన రేకు కూడా తన వంతు కిరణాలు వదులుతుంది, కానీ అవి పొడవైనవి. 8 మైక్రాన్ల దగ్గర వాటి జోరు ఎక్కువ. బోర్డు రంగు ఎండకూ నలుపే, ఈ పొడవు తరంగాలకూ నలుపే. అందుకే పట్టిందంతా వదలడానికీ వెనకాడదు. బ్లాక్ క్రోమ్ పూత మాత్రం ఒక మైక్రాన్ కంటే పలచన. పొట్టి తరంగాలు అందులో చిక్కుకుపోతాయి. పొడవు తరంగాలకు ఆ పూత దాదాపు లేనట్టే, వాటికి కనిపించేది కిందున్న మెరిసే నికెల్ పూత. మెరిసే లోహం వేడిని బయటికి వదలదు కదా.

లెక్క వేసి చూసుకున్నాను. రేకు 80 డిగ్రీలు, గాజు 35 డిగ్రీలు అనుకుందాం. రంగు వేసిన రేకు వేడిని వదిలే గుణం 0.9. కిరణాల రూపంలోనే చదరపు మీటరుకు దాదాపు 300 వాట్లు గాజుకు పోతాయి. సెలెక్టివ్ పూతకు ఆ గుణం 0.12 అనుకుంటే 45 వాట్లు పోతాయి. మధ్యలో గాలి మోసుకుపోయే వేడి రెండింటికీ ఉండేదే, ఏ పూతా దాన్ని ఆపలేదు. పైగా అసలు ప్యానెల్‌లో గాజు తానూ వేడెక్కుతుంది కాబట్టి తేడా ఈ లెక్కంత ఉండదు. అయినా మధ్యాహ్నం ఎండే చదరపు మీటరుకు 900 చిల్లర వాట్లయినప్పుడు ఇది చిన్న చిల్లు కాదు.

ఇదే లెక్క రేకు 40 డిగ్రీల దగ్గర, గాజు 25 దగ్గర వేస్తే తేడా 70 వాట్లకు పడిపోతుంది. పొద్దున తొమ్మిదింటికి రెండు ప్యానెల్స్ ఒకేలా కనిపించేది అందుకే. మధ్యాహ్నం రెండు దాటి, ట్యాంకులో నీళ్లు ఇప్పటికే వేడిగా ఉన్నప్పుడు రంగుది వెనకబడుతుంది. ఎండాకాలంలో గోరువెచ్చటి నీళ్లు చాలనుకునే ఇంటికి ఈ పూత ఉన్నా లేకున్నా తెలియదు.

ఏ ప్యానెల్ వేడి వదిలేస్తోందో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. రెండు గంటలప్పుడు రెండు గాజుల మీదా చేయి పెట్టాను. ఒకటి వెచ్చగా ఉంది, రంగు వేసింది చురుక్కుమంది. లోపలి వేడి గాజు దాకా వచ్చి బయటికి పోతోందన్నమాట. అయితే ఒక జాగ్రత్త. గొట్టాల్లో ఉప్పు పేరుకున్నా రేకు కాలి, గాజు ఇలాగే వేడెక్కుతుంది. మా బోరు నీళ్లు బాగా ఉప్పు. ఆ నవంబరులోనే గొట్టాలు ఆసిడ్‌తో కడిగించాం కాబట్టి నేను రంగు మీదే అనుమానపడ్డాను.

గన్ థర్మామీటర్‌ను నమ్మబోయి నవ్వులపాలయ్యాను. గాజు మీదుగా కొడితే అది చూపించేది గాజు వేడినే, ఆ కిరణాలు గాజు దాటి రావు. సరే అని మంచి ప్యానెల్ గాజు తీయించి నేరుగా రేకు మీద కొట్టాను. 28 చూపించింది. వేలు పెడితే చుర్రుమంది! ఆ గన్ వదిలే గుణం 0.95 అనుకుని లెక్క కడుతుంది. మా రేకు వదిలేదే తక్కువ, మిగతాదంతా ఆకాశం ప్రతిబింబం. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, అది వేడెక్కాక దాని మీద కొడితే 71 వచ్చింది. పూత బాగుందని అంతకంటే సాక్ష్యం ఏముంది?

రంగు గీకేసి మళ్లీ సెలెక్టివ్ పూత వేయించొచ్చా అని ఇద్దరు ముగ్గురిని అడిగాను. అది ఎలక్ట్రోప్లేటింగ్ తొట్టిలో వేసేది, బ్రష్‌తో అయ్యే పని కాదు. 2021లో రేకు, గొట్టాలు కలిపి ఆ లోపలి భాగమే కొత్తది వేయించాను. ఆ జనవరిలో 58 మళ్లీ కనిపించింది.

ఈ పూతకూ ఒక బెడద ఉంది. వేడి వదలదు కాబట్టి నీళ్లు లేకుండా ఎండలో ఉంటే రంగు ప్యానెల్ కంటే చాలా ఎక్కువ కాలుతుంది, 150 డిగ్రీలు దాటిపోవచ్చు. ఒక ఏప్రిల్‌లో మోటారు చెడి మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయ్యి మా ప్యానెల్స్ రెండు రోజులు ఎండలో వట్టిగా ఉన్నాయి. పూతకేం కాలేదు. లోపలి ఇన్సులేషన్‌లోంచి ఆవిరై వచ్చిందేదో గాజు లోపలి వైపు పొగలా పట్టింది, గాజు తీసి తుడవాల్సి వచ్చింది. అప్పటి నుంచి అలాంటి రోజుల్లో పాత దుప్పటి కప్పేస్తున్నాం.

పదమూడేళ్ల మొదటి ప్యానెల్ పూత ఇంకా అదే. కింది మూలలో మాత్రం అరచేయంత మేర ఊదా రంగు తిరిగింది. రబ్బరు బీడింగ్ రెండు సార్లు మార్పించాను. గాజు తీసినప్పుడు రేకును ఎవరినీ ముట్టనివ్వడం లేదు, గుడ్డతో తుడవనివ్వడం అసలే లేదు. అమ్మ బకెట్ల లెక్క ప్రకారం ఇప్పుడు మూడో బకెట్టు దాకా వేడిగానే వస్తున్నాయి.