తీసేసిన రెజ్యూమేల్లోంచి నలభై: రెండేళ్లు వాడాక

ఒడిశాలోని రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ పని నాది. అప్లికేషన్లను రూల్స్ ప్రకారం వడకట్టే కంప్యూటర్ ఫిల్టర్ తీసేసిన రెజ్యూమేల్లో కొన్నిటిని మళ్లీ తెరిచి చూడటం రెండేళ్లుగా చేస్తున్నాం. ఒక మధ్యాహ్నం పోతుంది, విసుగు కూడా. అయినా మానలేదు.

మొదలైంది ఫిట్టర్ పోస్టులతో. 640 అప్లికేషన్లు వస్తే రూల్స్ 560 తీసేశాయి. స్ప్రెడ్‌షీట్‌లో వాటి పక్కన ఏదో ఒక అంకె వేసే =RAND() పెట్టి, ఆ అంకెల ప్రకారం సార్ట్ చేసి, పైనుంచి 40 తీశాను. ఏరుకుంటే మనకు తెలిసిన ఊళ్లే కంటికి ఆనతాయి, అందుకే ఇలా. సెలెక్టయిన వాటిలోంచి 20 కలిపి, ఏది ఏదో చెప్పకుండా ఫోర్‌మన్ గారికి ఇచ్చాను. ‘రిజెక్ట్’ అని తెలిస్తే ఎవరైనా తప్పులే వెతుకుతారు.

తీసేసిన 40లో ఐదుగురు పనికొస్తారని ఆయన పక్కకు తీశారు. ఒకటి చూసి, "అమ్మా, ఇతన్ని ఎందుకు తీసేశారు? పంపు అలైన్‌మెంట్ చేసేవాడు దొరక్కే కదా మనం అల్లాడుతున్నాం!" అన్నారు.

40కి ఐదుగురంటే 560లో సుమారు 70 మంది. ఇంత చిన్న శాంపిల్‌తో అది 25 కావచ్చు, 150 కావచ్చు. మేనేజర్‌కి 70 అని మాత్రమే చెప్పి తర్వాత ఇబ్బంది పడ్డాను.

ఆ ఐదుగురిలో ముగ్గురిది ఒకే కథ. పదో తరగతి ఉండాలన్న రూల్ ‘ఎస్‌ఎస్‌సీ’, ‘టెన్త్’ అనే మాటల కోసమే వెతుకుతోంది. ఒడిశా బోర్డులో పదో తరగతి సర్టిఫికెట్ పేరు హెచ్‌ఎస్‌సీ, ఇక్కడివాళ్లు మెట్రిక్ అంటారు. పార్వతీపురం కుర్రాడు దాటిన గేటు దగ్గర మా ఊరి కుర్రాడు ఆగిపోయాడు!

ఆ మాటలు రూల్‌లో చేర్చి మళ్లీ నడిపితే 90 మంది గేటు దాటారు. కానీ వాళ్లలో 38 మంది వెంటనే ఇంకో రూల్‌కి చిక్కారు: ఒక్కో చోట కనీసం ఏడాది పనిచేసి ఉండాలి. మా సిస్టమ్ మొదట అడ్డుకున్న రూల్ ఒక్కటే రాసేది, అందుకే ఇది ముందు కనపడలేదు. రిపేర్ల కోసం ఫ్యాక్టరీ ఆపినప్పుడు ఇచ్చే షట్‌డౌన్ కాంట్రాక్టుల్లో తిరిగే ఫిట్టర్ ఒక్కో చోట నెలా రెండు నెలలే ఉంటాడు. పని అక్కడే గట్టిగా నేర్చుకుంటాడు. ఇప్పుడు ప్రతి రూల్ ఫలితాన్నీ విడివిడి కాలమ్‌లో రాయిస్తున్నాం, శాంపిల్ కూడా రూల్ వారీగా తీస్తున్నాం.

కాగితం మీద బాగున్నవాళ్లంతా పనిలో బాగుంటారని కాదు. ఆ ఐదుగురినీ పిలిస్తే ఇద్దరు ట్రేడ్ టెస్ట్‌లో తప్పారు.

ఇంకో చిక్కు స్టోర్ క్లర్క్ పోస్టుకు వచ్చింది. దానికి ఇంటర్ ఉండాలి. మహారాష్ట్రలో హెచ్‌ఎస్‌సీ అంటే పన్నెండో తరగతి, ఇక్కడేమో పదో తరగతి. ఆ పోస్టుకు మాత్రం ఇప్పటికీ మార్కుల షీట్ తెరిచి బోర్డు పేరు చూస్తున్నాం.