యుద్ధం తర్వాతి రంగుల కోసం: ఫ్రాంక్‌ఫర్ట్, డ్యూసెల్‌డార్ఫ్, దావోస్

జర్మనీ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా బెర్లిన్, మ్యూనిక్, కొలోన్ చర్చి చూసి వచ్చేస్తారు. మేము ఈసారి ఎక్స్‌ప్రెషనిజం బొమ్మల వెంట పడ్డాం, అంటే కంటికి కనబడినట్టు కాక మనసుకు తోచినట్టు ఆకారాన్నీ రంగునూ మార్చి వేసే బొమ్మలు. అదీ మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918, 1919 ప్రాంతంలోని బొమ్మలే. యుద్ధంలో మనసు చెదిరిన ఇద్దరు చిత్రకారులు, మాక్స్ బెక్‌మన్, ఎర్న్‌స్ట్ లూడ్విగ్ కిర్ష్‌నర్, అవే రోజుల్లో పూర్తిగా వేరు దారులు పట్టారు. ఒకరి తర్వాత ఒకరిని చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా పిన్ని కొడుకు ఇంట్లో దిగాం కాబట్టి బస గురించి చెప్పడానికేం లేదు. మైన్ నది ఒడ్డున ఉన్న ష్టేడెల్ మ్యూజియంలో బెక్‌మన్ 1919లో వేసిన 'ఫ్రాంక్‌ఫర్ట్ సినగాగ్' ఉంది. ఊళ్లో నిజంగా ఉన్న యూదుల ప్రార్థనా మందిరమే అది. బొమ్మలో మాత్రం గోడలు, దీపస్తంభాలు, ఇళ్లు అన్నీ తలో వైపు ఒరిగి ఉంటాయి. ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు, అయినా చూసేవాళ్ల కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. ఆ మందిరాన్ని 1938లో నాజీలు ధ్వంసం చేశారు. మ్యూజియం పెద్దది, అన్నీ చూద్దామనుకుంటే అలసిపోతారు. మేము ఇరవయ్యో శతాబ్దపు గదులు చూసి బయటపడ్డాం.

మేము ముఖ్యంగా చూడాలనుకున్న బెక్‌మన్ బొమ్మ 'రాత్రి' డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వేగంగా వెళ్లే రైల్లో గంటన్నర. ఇక్కడ ఒక జాగ్రత్త: ఈ ఊళ్లో తరచూ పెద్ద వాణిజ్య ప్రదర్శనలు జరుగుతాయి, ఆ వారం హోటల్ రేట్లు మండిపోతాయి. మాకు తగిలింది అలాంటి వారమే. స్టేషన్ దగ్గర మంచం తప్ప ఇంకేమీ పట్టని గదికి ఎక్కువే కట్టాం. తేదీలు ఖాయం చేసుకునే ముందు ప్రదర్శనల క్యాలెండర్ చూసుకోండి. తిండికి మాత్రం లోటు లేదు. స్టేషన్ పక్కనే ఇమ్మర్‌మన్ వీధి నిండా జపాన్ హోటళ్లు, వేడి వేడి నూడుల్స్ దొరుకుతాయి.

గ్రాబె చౌరస్తాలోని కే20 మ్యూజియంలో ఉంది ఆ 'రాత్రి'. ఒకటిన్నర మీటర్ల వెడల్పు బొమ్మ, అంతే. ఇరుకైన అటకగదిలోకి దుండగులు జొరబడ్డారు. ఒకడు ఇంటాయన మెడకు ఉరి బిగిస్తుంటే, తలకు కట్టుతో, నోట్లో పైపుతో ఉన్న ఇంకొకడు ఆయన చెయ్యి మెలిపెడుతున్నాడు. ఒక ఆడమనిషిని చేతులు కట్టేసి వేలాడదీశారు. మూడోవాడు బిడ్డను లాక్కుపోతున్నాడు. కింద గ్రామఫోను గొట్టం, ఒక కొవ్వొత్తి వెలుగుతూ, ఇంకొకటి పడిపోయి.

దగ్గరికి వెళ్లి చూస్తే రక్తం లేదు. భయం కలిగించేది రంగు కాదు, రంగు లేకపోవడం. ఒళ్లంతా పాలిపోయిన గోధుమ, బూడిద రంగులు. ఎర్రదనం అక్కడక్కడా మాత్రమే. కాళ్లూ చేతులూ కట్టెల్లా బిగుసుకుని మూలలుగా వంగి ఉన్నాయి. నేల, కప్పు, బల్ల ఏవీ ఒకే కోణంలో లేవు. అందుకే ఆ గదిలో ఎవరు ఎంత దూరంలో ఉన్నారో మన కన్ను తేల్చుకోలేదు. మనుషులు చట్రానికి ఆనుకుని కిక్కిరిసి ఉన్నారు, పారిపోవడానికి చోటే లేదు. వికృతి అంటే ఊరికే వంకర గీతలని అనుకునేవాళ్లు ఈ బొమ్మ ముందు కాసేపు నిలబడాలి. ఇక్కడ ప్రతి వంకరా ఒక దారిని మూసేస్తుంది.

బెక్‌మన్ యుద్ధంలో వైద్య సహాయకుడిగా పనిచేశాడు. 1915లో మనసు దెబ్బతిని బయటికొచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడ్డాడు. ఈ బొమ్మ 1918 ఆగస్టులో మొదలుపెట్టి 1919 మార్చిలో ముగించాడు. ఈ మధ్యలోనే జర్మనీ ఓడిపోయింది, రాజు దిగిపోయాడు, జనవరిలో బెర్లిన్‌లో విప్లవ నాయకురాలు రోజా లక్సెంబర్గ్‌ను చంపేశారు. దీన్ని ఆ హత్య బొమ్మ అని చెప్పేస్తుంటారు గానీ, తేదీలు చూస్తే మొదలయ్యింది దానికి ముందే. ఆ దుండగులు ఏ పార్టీవాళ్లో కూడా బొమ్మ చెప్పదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

తర్వాత స్విట్జర్లాండ్‌లోని దావోస్. జూరిచ్ నుంచి లాండ్‌క్వార్ట్‌లో రైలు మారి కొండల్లోకి. 1,560 మీటర్ల ఎత్తు కాబట్టి మెట్లెక్కితే మొదటి రోజు ఆయాసం తెలుస్తుంది. కిర్ష్‌నర్ 1915లో సైన్యంలో చేరి, ఫిరంగిదళంలో శిక్షణ పూర్తి కాకముందే కుప్పకూలాడు. నిద్రమాత్రలు, మార్ఫిన్, మద్యం, సరిగా కదలని చేతులు. ఆ స్థితిలో 1917లో ఇక్కడికి వచ్చాడు. యుద్ధానికి ముందు బెర్లిన్ వీధులను కోసుగా, పచ్చగా గీసిన మనిషి ఇక్కడ గుడిసెలు, ఆవులు, కొండలు పట్టుకున్నాడు.

1919 జనవరిలో ఒక తెల్లవారుజామున చంద్రాస్తమయం చూసి, పసుపు చంద్రుడు, చిన్న గులాబీ మబ్బులు, గాఢమైన నీలి కొండలు అని ఉత్తరంలో రాశాడు. ఆ దృశ్యంతో ఒక చెక్కముద్ర చేశాడు, తైలవర్ణ చిత్రం కూడా వేశాడు. ఆ చిత్రం అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉంది, మేము పుస్తకంలోనే చూశాం. అందులో చెట్లు ఎర్రగా మండుతుంటాయి, ఆకాశమూ అంతే. చెక్కముద్రల్లో ఒక్కో ప్రతికి రంగులు మారతాయి. అంటే ఉత్తరంలోని రంగులు కళ్లారా చూసినవే, కానీ ఎక్కడ ఆపాలో నిర్ణయించింది కన్ను కాదు. బెక్‌మన్ రంగు తీసేసి ఊపిరాడకుండా చేస్తే, ఈయన రంగు పెంచి అదే పని చేశాడు. పైకి అందంగా ఉంది కాబట్టి మనం త్వరగా గుర్తుపట్టం.

దావోస్‌లోని కిర్ష్‌నర్ మ్యూజియం 1992లో కట్టారు. గాజు గోడలు, పైనుంచి మెత్తగా దిగే వెలుతురు. ఈ రంగులకు ఇంతకంటే మంచి గదులు నేను చూడలేదు. ఇక్కడి ఒక కొండశిఖరాన్ని వేసిన 'టిన్‌ట్సెన్‌హార్న్' చిత్రం వీళ్ల దగ్గరిదే. అయితే ప్రదర్శన మారుతూ ఉంటుంది, ఫలానా బొమ్మ కోసమే వెళ్తుంటే ముందే అడగండి. సాయంత్రం ఫ్రౌయెన్‌కిర్ఖ్ వైపు బస్సెక్కి అసలు శిఖరం చూడొచ్చు. పొద్దుగుంకే వేళ కొండలు నిజంగానే గులాబీ రంగుకు తిరుగుతాయి, ఆకారం మాత్రం బొమ్మలో ఉన్నంత నిటారుగా ఉండదు. 1920లలో ఆయన బొమ్మలు చదునుగా, నేతబట్టలా మారాయి. అవి నాకు అంత పట్టలేదు. (తన మీద తానే లూయీ ద మార్సల్ అనే ఫ్రెంచి విమర్శకుడి పేరుతో మెచ్చుకుంటూ వ్యాసాలు రాసుకున్నాడట! అది చదివి నవ్వొచ్చింది.) 1937లో నాజీలు మ్యూజియంల నుంచి ఆయన బొమ్మలు 639 లాగేశారు. మరుసటేడు జూన్‌లో ఇక్కడే కాల్చుకుని చనిపోయాడు. సమాధి ఊరి అటవీ శ్మశానంలో ఉంది.

బసకు మేము తీసుకున్న చిన్న లాడ్జి శుభ్రంగా, వెచ్చగా ఉంది, గోడలు పల్చన. లాడ్జి వాళ్లిచ్చే అతిథి కార్డుతో ఊరి బస్సులు ఉచితం, అది మరచిపోకుండా అడిగి తీసుకోండి. తిండి ఖరీదెక్కువ. శాకాహారులకు బంగాళదుంప రోష్టీ, చీజ్ తప్ప పెద్దగా ఎంపిక లేదు కాబట్టి సూపర్‌మార్కెట్ మీద ఆధారపడ్డాం. జనవరిలో ప్రపంచ ఆర్థిక సదస్సు వారం గదుల జోలికి పోకండి. ఒక్కచోటికే వీలుంటే మీరు డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లండి, అక్కడొక్క బొమ్మ చాలు. ఇంకాస్త డబ్బు, తీరిక ఉంటే ఆ తర్వాత దావోస్, ముందు మాత్రం కాదు.