వీడియోకు బీజీఎం: ఫ్రీ ట్రాకా, సబ్‌స్క్రిప్షనా, సొంతంగా చేయించుకోవడమా? ఏది మేలు?

"నో కాపీరైట్ మ్యూజిక్ అని రాసి ఉన్నదే పెట్టానండీ, అయినా క్లెయిమ్ పడింది. ఇంతకీ ఏది వాడితే మేలు?" వంట ఛానళ్ల వాళ్లు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, పల్లె వ్లాగులు చేసేవాళ్లు అందరూ తిప్పి తిప్పి అడుగుతున్నది ఇదే. సినిమా పాట పెడితే చిక్కే అని అందరికీ తెలుసు. పది సెకన్లే వాడినా, శ్రుతి మార్చినా, డిస్క్రిప్షన్‌లో క్రెడిట్ ఇచ్చినా అది అనుమతి కాదు. కాబట్టి ఆ దారిని ఇక్కడితో వదిలేద్దాం. పోల్చాల్సింది నాలుగింటిని: యూట్యూబ్ ఆడియో లైబ్రరీ, క్రియేటివ్ కామన్స్ ట్రాకులు, డబ్బు కట్టే సబ్‌స్క్రిప్షన్, మనమే చేయించుకునే బీజీఎం.

చాలామంది ధర చూస్తారు, ఆ తర్వాత క్వాలిటీ చూస్తారు. నా లెక్కలో వీటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది: క్లెయిమ్ పడిన రోజున దాన్ని తీయించే కాగితం మీ చేతిలో ఉంటుందా, లేదా?

ఎందుకో తెలియాలంటే క్లెయిమ్ ఎలా పడుతుందో చూడాలి. మ్యూజిక్ కంపెనీలు, డిస్ట్రిబ్యూటర్లు తమ పాటల ఫైళ్లను యూట్యూబ్‌కు ఇస్తారు. కంటెంట్ ఐడీ అనే సిస్టమ్ ప్రతి వీడియో ఆడియోను ఆ ఫైళ్లతో పోల్చి చూస్తుంది. కలిసిందంటే క్లెయిమ్ పడుతుంది. మీరు డబ్బు కట్టారా, అనుమతి తీసుకున్నారా అన్నది దానికి తెలియదు. కాబట్టి లైసెన్స్ ఉండటం వేరు, క్లెయిమ్ పడకపోవడం వేరు. క్లెయిమ్ పడ్డాక ఏం జరగాలో హక్కుదారు ముందే నిర్ణయించి పెట్టుకుంటాడు: యాడ్ డబ్బు తను తీసుకోవడం, వ్యూస్ లెక్క మాత్రం చూసుకోవడం, లేదంటే వీడియోను బ్లాక్ చేయడం. ఇది దేశాన్ని బట్టి కూడా మారుతుంది. హైదరాబాద్‌లో మామూలుగా ఆడుతున్న పెళ్లి వీడియో డాలస్‌లోని చుట్టాలకు తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అయితే వీడియో అలాగే ఉండి, పాట వచ్చిన చోట సౌండ్ మాత్రం పోవడం ఎక్కువ.

మరి ఫ్రీ ట్రాక్‌కు క్లెయిమ్ ఎందుకు పడుతుంది? మామూలుగా మూడు కారణాలు. ఒకటి, ట్రాక్ చేసినాయన మొదట ఫ్రీగా పెట్టి, తర్వాత స్ట్రీమింగ్ యాప్‌లలోకి ఎక్కించడానికి డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చినప్పుడు కంటెంట్ ఐడీకి కూడా టిక్ పెట్టేస్తాడు. రెండు, ఇంకెవరో ఆ ట్రాక్ మీద నాలుగు లైన్లు పాడి, మొత్తం తమదేనని రిజిస్టర్ చేస్తారు. మూడు, కీబోర్డులోనో సాఫ్ట్‌వేర్‌లోనో రెడీమేడ్‌గా వచ్చే ఒకే లూప్‌ను ఇద్దరూ వాడతారు. అందరికీ ఇచ్చే లూప్‌ను కంటెంట్ ఐడీలో పెట్టకూడదని యూట్యూబ్ నియమం ఉంది, అయినా పెట్టేవాళ్లు పెడుతూనే ఉంటారు. ఎవరో తమ ఛానల్‌లో "నో కాపీరైట్" అని టైటిల్ పెట్టిన వీడియో నుంచి దించుకున్న ట్రాక్ అయితే మీ దగ్గర కాగితమే ఉండదు. ఆ ఛానల్ వాడు అసలు హక్కుదారో కాదో కూడా తెలియదు.

ఇక ఒక్కొక్కటే చూద్దాం. యూట్యూబ్ స్టూడియోలో ఎడమవైపు `Audio library` అని ఉంటుంది. ప్రారంభించేవాళ్లకు నా ఓటు దీనికే. ఈ ట్రాకులకు క్లెయిములు రావని యూట్యూబే చెబుతోంది. జాగ్రత్త ఒక్కటే: కొన్నిటి పక్కన సీసీ, అంటే క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉంటుంది, అవి వాడితే అక్కడ ఇచ్చిన క్రెడిట్ లైన్లు డిస్క్రిప్షన్‌లో పెట్టాలి. ఆ గొడవ వద్దనుకుంటే `Attribution not required` అని ఫిల్టర్ పెట్టుకోండి. లోటేమిటంటే, మన వాసన ఉండే వీణ, సన్నాయి, డప్పు లాంటివి అక్కడ దొరకడం కష్టం. పైగా అవే ట్రాకులు వేల వీడియోల్లో వినపడతాయి.

క్రియేటివ్ కామన్స్ అంటే ట్రాక్ చేసినాయన కొన్ని షరతులతో అందరికీ ముందే ఇచ్చే అనుమతి, అంతా ఫ్రీ అనుకోవద్దు. సీసీ బై అయితే క్రెడిట్ ఇస్తే చాలు. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు, యాడ్స్ వచ్చే వీడియోకు అది పనికిరాదు. ఎన్‌డీ దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. పాటను కత్తిరించడం లేదు కదా అనుకుంటారు గానీ, కదిలే బొమ్మకు సంగీతాన్ని జతచేయడమే మార్పు కింద లెక్క, కాబట్టి ఎన్‌డీ ట్రాక్‌ను వీడియోకు వాడకూడదు. ఎస్‌ఏ అయితే మీ వీడియోను కూడా అదే లైసెన్స్ కింద వదలాలి.

సబ్‌స్క్రిప్షన్ సైట్లలో (ఎపిడెమిక్ సౌండ్, ఆర్ట్‌లిస్ట్ లాంటివి) డబ్బు కట్టేది నిజానికి పాట కోసం మాత్రమే కాదు. మీ ఛానల్‌ను వాళ్ల దగ్గర లింక్ చేస్తే, మీ వీడియోల మీద తమ క్లెయిములను వాళ్లే వదిలేస్తారు. ఛానల్ లింక్ చేయకుండా అప్‌లోడ్ చేసి, డబ్బు కట్టినా క్లెయిమ్ పడిందని అనేవాళ్లే ఎక్కువ. సబ్‌స్క్రిప్షన్ ఉన్నప్పుడు పబ్లిష్ చేసిన వీడియోలకు ఆపేశాక కూడా ఢోకా ఉండదు, కొత్తవాటికి మాత్రం సాధారణంగా ఆ ట్రాకులు వాడకూడదు. క్లయింట్ ఛానల్‌కు వీడియోలు చేసిచ్చే ఎడిటర్లు ఒకటి గమనించాలి: మీ పేరున ఉన్న పర్సనల్ ప్లాన్ సాధారణంగా క్లయింట్ ఛానల్‌కు వర్తించదు.

కాగితం ఎందుకు అంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం. ఉలవచారు వీడియో ఒకటి, పది నిమిషాలు. 0:40 నుంచి 3:15 దాకా లైసెన్స్ తీసుకున్న వీణ ట్రాక్ ఉంది. రెండో రోజు క్లెయిమ్ పడింది. స్టూడియోలో `Content`లోకి వెళ్లి ఆ వీడియోకు ఎదురుగా `Restrictions` కింద `Copyright` మీద క్లిక్ చేస్తే వివరాలు తెరుచుకుంటాయి: ఏ పాట, ఎవరిది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, దాని ప్రభావం ఏమిటి. ముందు ఆ ముక్క విని, పాట పేరు చూడండి. మీరు కొన్న ట్రాక్ పేరే ఉంటే హక్కుదారు తరఫున వచ్చిన క్లెయిమ్, సైట్ వాళ్లకు వీడియో లింక్ పంపితే వాళ్లే తీయిస్తారు. వేరే పేరు ఉంటే ఆ ట్రాక్ మీద ఇంకెవరో పాట కట్టారన్న మాట. అప్పుడు `Dispute` నొక్కి, కారణం `License` ఎంచుకోవాలి. "కాపీరైట్ లేదు, నేను తప్పు చేయలేదు" అని రాస్తే పని జరగదు. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా వాడారో, ట్రాక్ పేరు, స్వరకర్త పేరు, ఏ సైట్ నుంచి ఏ తేదీన తీసుకున్నారో, లైసెన్స్ నంబరు ఎంతో, నాలుగు లైన్లలో ఇంగ్లీషులో రాయండి. అది చదివేది ఏ దేశంలో ఉన్న డిస్ట్రిబ్యూటరో మనకు తెలియదు కదా.

అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజుల గడువు. జవాబు రాకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపే డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన యాడ్ డబ్బు పక్కన పెడతారు, తేలాక ఎవరిదైతే వాళ్లకు ఇస్తారు. ఆలస్యం చేస్తే డిస్ప్యూట్ వేసిన రోజు నుంచే లెక్క. వీడియో బ్లాక్ అయి ఉంటే డిస్ప్యూట్ వేయకుండానే నేరుగా అప్పీలుకు వెళ్లే వీలుంది, అక్కడ గడువు 7 రోజులే. అయితే అప్పీలు దగ్గర అవతలివాళ్లు వదిలేయకుండా తొలగింపు నోటీసు ఇస్తే మీ ఛానల్‌కు స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులైతే ఛానల్ పోతుంది. ఉత్త క్లెయిమ్‌కు స్ట్రైక్ ఉండదు కాబట్టి, కాగితం లేనివాళ్లు డిస్ప్యూట్ జోలికి పోకుండా అదే పేజీలో పాటను మ్యూట్ చేయడమో, మార్చడమో, ఆ ముక్కను కోసేయడమో చేసుకోవడం మంచిది. ఆ ముక్క పోతే క్లెయిమ్ కూడా పోతుంది, వీడియో లింక్, వ్యూస్ అలాగే ఉంటాయి.

నెలకు నాలుగైదు వీడియోలు, ఏళ్ల తరబడి చేసే ఆలోచన ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది సొంత బీజీఎం చేయించుకోమనే. ఊళ్లో కీబోర్డు వాయించే మంచి కళాకారుడు ఒక టైటిల్ ముక్క, రెండు మూడు నేపథ్య ట్రాకులు చేసిస్తే ఛానల్‌కు ఒక గొంతు వస్తుంది. ఇక్కడ నోటిమాట మాత్రం చాలదు. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 19 ప్రకారం హక్కు రాసివ్వడం లిఖితంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని అర్థం. ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే పరిమితం, యూట్యూబ్ అంటే లోకమంతా కదా! ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేకుంటే, హక్కు రద్దయిపోతుంది. అందుకే ట్రాకుల పేర్లు, ప్రపంచమంతటా అన్న మాట, ఎన్నేళ్లో, ఎంత డబ్బో రాసుకోండి. రెడీమేడ్ లూపులు వాడలేదని, ఈ ట్రాకులను ఏ డిస్ట్రిబ్యూటర్‌కూ ఇవ్వనని కూడా ఆయన చేత రాయించుకోవాలి.

భక్తి వీడియోలవాళ్లు అడిగేది ఇంకోటుంది: "కీర్తన పాతదే కదా?" త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, ఆయన కృతి మీద కాపీరైట్ లేదు. కానీ ఎవరో పాడిన రికార్డింగ్‌కు అది విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. అన్నమయ్య దగ్గర ఇంకో మెలిక ఉంది. సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు గానీ, మనం వినే బాణీల్లో చాలావాటిని కట్టింది ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో పోయారు. స్వరకర్త పోయాక 60 ఏళ్లు బాణీకి హక్కు ఉంటుంది. కాబట్టి మీ అమ్మాయి చేతే పాడించినా ఆ బాణీలో పాడితే అనుమతి కావాలి. బతుకమ్మ, జాతర వీడియోల్లో వెనక మైకుసెట్టులో మోగే పాటను కూడా కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. అక్కడ సౌండ్ తీసేసి మీ మాట, మీ బీజీఎం పెట్టుకోవడమే మార్గం.

పబ్లిష్ చేసే ముందు వీడియోను ప్రైవేట్‌గా ఎక్కించి, అప్‌లోడ్‌లో వచ్చే `Checks` పూర్తయ్యేదాకా ఆగండి. ఆ రోజు ఏమీ పడకపోయినా, రేపు ఎవరైనా కొత్త ఫైలు రిజిస్టర్ చేస్తే పాత వీడియోలకు కూడా క్లెయిమ్ పడగలదు. ట్రాక్ ఫైలు, లైసెన్స్ పీడీఎఫ్, తీసుకున్న రోజు సైట్ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, ఇవన్నీ వీడియో పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ వీడియో ఛానల్‌లో ఉన్నన్నాళ్లూ తీసేయకండి.